డేటా సైన్స్ మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను, లీనియర్ ఆల్జీబ్రా పేపర్ లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చదివింది మెకానికల్, జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో, ఆర్18 బ్యాచ్. అమెరికాలో డేటా సైన్స్ ఎంఎస్‌కి రెండుసార్లు అప్లై చేశాను. మొదటిసారి అన్నీ రిజెక్ట్. రెండోసారి సీటు వచ్చింది. రెండిటి మధ్య నా మార్కులు మారలేదు, జీఆర్‌ఈ మారలేదు. మారింది ఒక్కటే: లేని పేపర్ల లోటును ఎలా పూడ్చానో కాగితం మీద చూపించడం. అప్పటినుంచి ఏటా జూలై, ఆగస్టుల్లో జూనియర్ల దగ్గర్నుంచి ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. ప్రతి ఒక్కరికీ విడిగా వాయిస్ మెసేజ్ పెట్టడం కంటే ఒకచోట రాస్తే మేలనిపించింది.

ప్రీరిక్విజిట్స్ అంటే వాళ్లు అసలు ఏం అడుగుతున్నారు?

యూనివర్సిటీని బట్టి మాటలు మారతాయి కానీ సరుకు దాదాపు ఒకటే. మల్టీవేరియబుల్ దాకా కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ–స్టాటిస్టిక్స్, ఒక ప్రోగ్రామింగ్ కోర్సు. ఈ నాలుగూ డిగ్రీ స్థాయిలో చదివి, గ్రేడు తెచ్చుకుని ఉండాలి.

అక్కడ వాడిన క్రియను జాగ్రత్తగా చదవండి. కొన్నిచోట్ల "ఉండాలి" అంటారు, కొన్నిచోట్ల "ఉంటే మంచిది" అంటారు. ఇంకో తేడా దీనికంటే ముఖ్యం. కొందరు అప్లై చేసేనాటికే పూర్తయి ఉండాలంటారు, కొందరు క్లాసులు మొదలయ్యేలోపు పూర్తి చేస్తే చాలంటారు. రెండో రకం వాళ్లకైతే డిసెంబర్‌లో అప్లై చేసి, జనవరి–ఏప్రిల్ మధ్య కోర్సు చేసి చూపించొచ్చు. ఈ ఒక్క వాక్యం చదవకుండా లిస్ట్ వేసుకుని, అందుబాటులో ఉన్న యూనివర్సిటీలను కూడా వదిలేసుకున్న వాళ్లను చూశాను.

నా మార్క్స్ మెమోలో "లీనియర్ ఆల్జీబ్రా" అనే పేరే లేదు. అంటే గ్యాప్ ఉన్నట్టేనా?

తొందరపడకండి. మనవాళ్లలో చాలామందికి ఉన్నది సగం గ్యాపే. మిగతా సగం పేరు వల్ల వచ్చిన సమస్య.

నా మెమోలో ఉన్నది "మాథమెటిక్స్-1". అమెరికాలో అప్లికేషన్ చదివే ప్రొఫెసర్‌కి ఆ పేరు చూస్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఆర్18 సిలబస్ తీసి చూస్తే అందులో మొదటి యూనిట్ మాట్రిసెస్, రెండోది ఐగెన్ వాల్యూస్, ఐగెన్ వెక్టర్స్. ఆ తర్వాత సీక్వెన్సులు, కాల్క్యులస్, పార్షియల్ డిఫరెన్షియేషన్. "మాథమెటిక్స్-2"లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో పాటు మల్టిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాల్క్యులస్ ఉన్నాయి. అంటే మల్టీవేరియబుల్ కాల్క్యులస్ మనం చేసేశాం, దాని పేరు మాత్రం ఎక్కడా పడలేదు. మెకానికల్ వాళ్లకు రెండో ఏడాదిలో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్‌ను కాంప్లెక్స్ వేరియబుల్స్‌తో కలిపి ఒకే పేపర్‌గా పెట్టారు. మొదటి ఏడాదిలో "ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్" పేరుతో సీ నేర్పారు. ఆ పేపర్‌లో సప్లీ రాసి పాసైన వాడికి కూడా అది ప్రోగ్రామింగ్ కోర్సేనని తట్టదు.

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. ఒక అప్లికేషన్ ఫారంలో "లీనియర్ ఆల్జీబ్రాకు సరిపోయే కోర్సు ఏది?" అని ఒక గడి ఇచ్చారు. అందులో కోర్సు పేరు, గ్రేడు రాసి ఊరుకున్నాను. రిజెక్ట్ వచ్చాక కారణం అడుగుతూ మెయిల్ పెడితే రెండు లైన్ల జవాబు వచ్చింది: లీనియర్ ఆల్జీబ్రా చదివినట్టు ఆధారం కనబడలేదు. నేను చదివాను, అయినా వాళ్లకు కనబడలేదు.

అయితే సిలబస్ కాపీ జత చేస్తే సరిపోతుందా?

జత చేయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. రెండొందల పేజీల సిలబస్ పీడీఎఫ్ పంపితే ఎవరూ తెరవరు. ఒక్క పేజీలో పట్టిక చేయండి. ఎడమవైపు వాళ్లు అడిగిన ప్రీరిక్విజిట్, పక్కన మీ మెమోలో ఉన్న పేపర్ పేరు యథాతథంగా, సెమిస్టర్, గ్రేడు, చివరి గడిలో ఆ పేపర్‌లో దానికి సంబంధించిన యూనిట్ల పేర్లు. మీ రెగ్యులేషన్‌కి చెందిన సిలబస్‌లోంచి ఆ రెండు మూడు పేజీలే కింద అతికించండి. అటానమస్ కాలేజీ అయితే యూనివర్సిటీ సిలబస్ కాదు, మీ కాలేజీ సిలబస్ పెట్టాలి. యూనిట్లు ఒక సెమిస్టర్ అటూ ఇటూ జరిగి ఉంటాయి, తేడా పడితే అనుమానం వస్తుంది.

పట్టికలో ఖాళీగా మిగిలిన గడులను దాచకండి. నా పట్టికలో లీనియర్ ఆల్జీబ్రా ఎదురుగా "మాథమెటిక్స్-1, యూనిట్లు 1, 2" అని రాసి, కిందే ఇంకో లైను చేర్చాను: వెక్టర్ స్పేసెస్, ఆర్థోగొనల్ ప్రొజెక్షన్, సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ ఇందులో లేవు, వాటిని ఫలానా కోర్సులో ఫలానా నెలలో పూర్తి చేశాను. ఈ లైను రాయగలిగితే మీ గ్యాప్ ఎంతో మీకే తెలుసునని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

ఆ గ్యాప్ నిజంగా ఎంతో నాకెలా తెలుస్తుంది?

ఒక చిన్న ప్రశ్నతో తేలిపోతుంది. ఐదు వరుసలు, మూడు నిలువులు ఉన్న మాట్రిక్స్ A ఉంది. `Ax = b` కి జవాబు లేదు. అయినా సరే b కి అన్నిటికంటే దగ్గరగా వెళ్లే `Ax` ని కనుక్కోమంటే ఏం చేస్తారు, ఎందుకు?

3×3 మాట్రిక్స్ ఇచ్చి ఐగెన్ వాల్యూస్ కట్టమంటే, కేలీ–హామిల్టన్ సరిచూడమంటే మనం కళ్లు మూసుకుని చేస్తాం. పైన అడిగిన ప్రశ్న దగ్గర చేయి ఆగిపోతుంది. ఎందుకంటే మనకు మాట్రిక్స్ అంటే లెక్క కట్టే పెట్టె. ఆ నిలువు వరుసలన్నీ కలిసి ఒక తలాన్ని ఏర్పరుస్తాయని, b నుంచి ఆ తలం మీదికి లంబం దించడమే రిగ్రెషన్ అని ఎవరూ చెప్పలేదు. డేటా సైన్స్ మొదటి సెమిస్టర్‌లో మొదటి నెలలోనే ఆ చూపు అవసరమవుతుంది. పూడ్చాల్సిన అసలు గుంట అదే. మళ్లీ మొదటినుంచి డిటర్మినెంట్లు నేర్చుకోవడం వృథా.

నేను బీకాం. నాకు ఏ పట్టికా కుదరదు కదా?

కుదరదు. మీది పేరు సమస్య కాదు, నిజమైన లోటు. బీకాంలో బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంటే ఆ ఒక్క గడి సగం నిండుతుంది. ఇంటర్‌లో ఎంఈసీ చదివాననీ మాథ్స్‌లో తొంభై దాటాయనీ చెబుతుంటారు. పాపం, అది వాళ్ల లెక్కలో హైస్కూల్ కింద పోతుంది. డిగ్రీ స్థాయి కోర్సుగా తీసుకోరు.

మీలాంటి వాళ్లకు ఒక సెమిస్టర్‌లో అన్నీ పూడ్చడం జరిగే పని కాదు. కాల్క్యులస్ లేకుండా ప్రాబబిలిటీ సగంలో ఆగిపోతుంది, డెన్సిటీ ఫంక్షన్ దగ్గరే ఇంటిగ్రల్ వస్తుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర పెట్టుకోండి. నాకు తెలిసిన బీకాం అమ్మాయి ఒకరు ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌లో ఫౌండేషన్ స్థాయి చేసింది. అందులో ఎనిమిది కోర్సులు: మాథ్స్ రెండు, స్టాటిస్టిక్స్ రెండు, ఇంగ్లిష్ రెండు, కంప్యుటేషనల్ థింకింగ్, పైథాన్. పరీక్షలు సెంటర్‌కి వెళ్లి రాయాలి, గ్రేడ్లు వస్తాయి, డిగ్రీ పూర్తి చేయకపోయినా ఆ స్థాయి దగ్గర సర్టిఫికెట్‌తో బయటికి రావొచ్చు. నాలుగు చోట్ల నాలుగు సర్టిఫికెట్లు ఏరుకోవడం కంటే, ఒకే ఐఐటీ నుంచి వరుస గ్రేడ్లు చూపడం ఎంతో బరువుగా ఉంటుంది.

కోర్సెరా సర్టిఫికెట్లు ఏడెనిమిది ఉన్నాయి. లెక్కలోకి వస్తాయా?

మొదటిసారి అప్లై చేసినప్పుడు నాకూ ఏడు ఉన్నాయి. పనికొచ్చింది ఒక్కటీ లేదు.

సర్టిఫికెట్ చూసేవాడు మనసులో మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. పరీక్ష రాసింది ఈ మనిషేనా? ఏ స్థాయి ప్రశ్నలు? ఎంత వచ్చింది? ఎన్నిసార్లైనా రాసుకునే క్విజ్‌లో వంద శాతం తెచ్చుకున్నా మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. అందుకే గ్రేడుతో ట్రాన్స్‌స్క్రిప్ట్ ఇచ్చే కోర్సుకు అన్నిటికంటే బరువు ఎక్కువ, దాని తర్వాత ఇన్విజిలేటర్ ఉండి రాయించే పరీక్ష, ఆ తర్వాతే మామూలు ఆన్‌లైన్ సర్టిఫికెట్.

ఒక మినహాయింపు ఉంది. కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ వాళ్ల ఆన్‌లైన్ డేటా సైన్స్ ఎంఎస్ కోర్సెరా మీదే నడుస్తుంది. అందులో పాత ట్రాన్స్‌స్క్రిప్టులు అడగరు. వాళ్లు చెప్పిన మొదటి కొన్ని కోర్సులను క్రెడిట్‌కి కట్టి, 3.0 జీపీఏ తెచ్చుకుంటే అదే అడ్మిషన్. చదివి చూపించడమే ప్రవేశ పరీక్ష అన్నమాట. కాకపోతే అది ఆన్‌లైన్ డిగ్రీ, దాని మీద స్టూడెంట్ వీసా రాదు. ఉద్యోగం చేస్తూ ఇక్కడినుంచే చదవాలనుకునే వాళ్లకు మాత్రం దాన్ని మించిన దారి కనబడలేదు.

ఎన్‌పీటీఈఎల్ చేస్తే ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది, సమయం చూసుకుంటే. మన ఊళ్లోనే, వెయ్యి రూపాయల పరీక్ష ఫీజుతో, ఐఐటీ పేరు మీద, మనిషి ఎదురుగా కూర్చుని రాసే పరీక్ష ఇంకెక్కడ దొరుకుతుంది? చదవడం ఉచితం. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. 60 దాటితే సర్టిఫికెట్ మీద ఎలీట్ అని, 75 దాటితే దానికి సిల్వర్ అని, 90 దాటితే గోల్డ్ అని పడుతుంది. 12 వారాల కోర్సుకు మన దగ్గర 3 క్రెడిట్లుగా లెక్క. పట్టికలో ఆ వారాల సంఖ్య, మీకు వచ్చిన మార్కులు రెండూ రాయండి.

మన వాళ్లు రెండుచోట్ల దెబ్బతింటారు. మొదటిది, కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. అసైన్‌మెంట్లన్నీ చేసి, పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటాక చూసుకున్న వాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. రెండోది క్యాలెండర్. జూలైలో మొదలయ్యే 12 వారాల కోర్సుకు పరీక్ష అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో పడుతుంది, ఫలితం ఆ తర్వాత. అమెరికా డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబర్, జనవరి. అంటే జూలై బండి ఎక్కితే అందుతుంది. అక్టోబర్‌లో మేలుకుని జనవరి కోర్సులో చేరితే, సర్టిఫికెట్ వచ్చేసరికి నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. అప్పుడది క్లాసులు మొదలయ్యేలోపు పూర్తి చేస్తే చాలన్న యూనివర్సిటీలకే పనికొస్తుంది.

ఇంకో మాట. కోర్సు ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, వారాలవారీ పాఠాల జాబితా చూడండి. నేను పైన చెప్పిన ప్రొజెక్షన్, లీస్ట్ స్క్వేర్స్, సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ అందులో లేకపోతే మీకు తెలిసిందే మళ్లీ చదివి మళ్లీ పాసైనట్టు.

అమెరికా యూనివర్సిటీ నుంచే క్రెడిట్ కోర్సు చేయొచ్చా?

చేయొచ్చు. ఇల్లినాయ్ యూనివర్సిటీ, అర్బానా–షాంపేన్ వాళ్లకు నెట్‌మాథ్ అనే విభాగం ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్ లాంటివి ఆన్‌లైన్‌లో, సొంత వేగంతో చేసి, ఆ యూనివర్సిటీ ట్రాన్స్‌స్క్రిప్ట్ తెచ్చుకోవచ్చు. నార్త్ డకోటా యూనివర్సిటీకి కూడా ఎప్పుడైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సులు ఉన్నాయి. ఖర్చు మాత్రం డాలర్లలో.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, అక్కడ "తప్పనిసరి, గ్రేడు ఉన్న క్రెడిట్ కోర్సే కావాలి" అని స్పష్టంగా రాసి ఉండి, మీకు ఆ యూనివర్సిటీయే కావాలనుకున్నప్పుడే దీని మీద డబ్బు పెట్టండి. నాలుగు సబ్జెక్టులకూ కాదు, ఖాళీగా ఉన్న ఒక్కదానికి. డబ్బు కట్టేముందు ఆ కోర్సు చాలుతుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఆ మెయిల్ ఎలా రాయాలి?

చిన్నగా. "నా ప్రొఫైల్ చూసి అవకాశం ఉందో చెప్పండి" అని రాస్తే "దరఖాస్తు పూర్తిగా అందాకే పరిశీలిస్తాం" అన్న రెడీమేడ్ జవాబు వస్తుంది. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న అడగాలి. నేను పంపినది మూడు వాక్యాలు: నా మాథమెటిక్స్-1లో ఫలానా యూనిట్లు ఉన్నాయి, సిలబస్ పేజీ జత చేశాను. మిగిలిన అంశాలను ఐఐటీ వాళ్ల 12 వారాల కోర్సులో, పర్యవేక్షణలో రాసే పరీక్షతో నవంబర్‌లోపు పూర్తి చేస్తున్నాను. ఈ రెండూ కలిపి మీ లీనియర్ ఆల్జీబ్రా నిబంధనకు సరిపోతాయా, లేక క్రెడిట్ కోర్సే కావాలా?

ఆరు చోట్లకు పంపాను. నాలుగు చోట్ల నుంచి జవాబు వచ్చింది. ఒకచోట వద్దన్నారు, దాన్ని లిస్ట్‌లోంచి తీసేశాను. అప్లికేషన్ ఫీజు మిగిలింది. సరేనన్న చోట ఆ జవాబును అప్లికేషన్‌తో పాటు జత చేశాను.

సొంతంగా చదివిన దానికి రుజువు ఏం చూపించాలి? గిట్‌హబ్‌లో ప్రాజెక్టులు పెడితే చాలా?

ఏ ప్రాజెక్టులన్నదే ప్రశ్న. టైటానిక్ డేటా, ఇళ్ల ధరల అంచనా అందరి దగ్గరా ఉన్నాయి. లైబ్రరీని పిలిచి `fit` అని రాస్తే మీకు లైబ్రరీని పిలవడం వచ్చని తెలుస్తుంది, లీనియర్ ఆల్జీబ్రా వచ్చని తెలియదు. ప్రీరిక్విజిట్‌కి రుజువు కావాలంటే, ఆ సబ్జెక్టు తెలియనివాళ్లు రాయలేని పేజీ ఒకటి కావాలి. చిన్నదైనా ఫర్వాలేదు.

నేను పెట్టింది ఇదీ. 2000 నుంచి 2020 దాకా ఏడాదికొకటి చొప్పున 21 లెక్కలు ఉన్నాయనుకోండి, ఏదైనా సరే. వాటి గుండా ఒక సరళరేఖ గీయాలి. పుస్తకంలో సూత్రం ఉంది: రెండువైపులా `A^T` తో గుణించి `A^T A x = A^T b` ని సాధించడమే. మొదటి పేజీలో ఆ సూత్రం ఎందుకు వస్తుందో చేత్తో రాశాను: మిగిలిపోయిన దోషం A నిలువులన్నిటికీ లంబంగా ఉండాలి, ఆ మాటను సమీకరణంగా రాస్తే ఈ సూత్రమే. తర్వాత ఈ కాసిని లైన్లు:

```python
import numpy as np
x = np.arange(2000, 2021)
A = np.column_stack([x, np.ones(21)])
B = np.column_stack([x - 2010, np.ones(21)])
for M in (A, B):
    print(np.linalg.cond(M), np.linalg.cond(M.T @ M))
```

A లో సంవత్సరాలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్నాయి, B లో ప్రతి ఏడాదిలోంచి 2010 తీసేశాను. గీసే రేఖ రెండిటిలోనూ ఒకటే. కానీ కండిషన్ నంబర్ చూడండి. A కి సుమారు 6,67,000. `A^T A` కి దాని వర్గం, అంటే దాదాపు 44,500 కోట్లు. B కి 6 చిల్లర, `B^T B` కి 37 లోపు. కండిషన్ నంబర్ అంటే, ఇన్‌పుట్‌లో ఉన్న చిన్న పొరపాటు జవాబులోకి వచ్చేసరికి ఎన్ని రెట్లు కావచ్చో చెప్పే కొలత.

ఎందుకింత తేడా? 2000, 2001, 2002 అని సాగే నిలువునూ, అన్నీ ఒకట్లే ఉన్న నిలువునూ బాణాల్లా ఊహించుకోండి. సంవత్సరాలు రెండు వేల దగ్గర ఉండి అటూ ఇటూ పదే కదులుతాయి కాబట్టి, ఆ రెండు బాణాలూ దాదాపు ఒకే దిక్కున ఉంటాయి. మధ్య కోణం డిగ్రీలో ఐదో వంతు కూడా లేదు. ఏది ఎంత వాటా అని విడదీయడం కంప్యూటర్‌కి కష్టం. సగటు తీసేస్తే రెండూ లంబకోణంలోకి వస్తాయి. పేజీ చివర `A^T A` కట్టకుండా క్యూఆర్ పద్ధతిలో చేస్తే ఆ వర్గం దెబ్బ ఎలా తప్పుతుందో ఒక పేరా రాశాను.

మొత్తం నాలుగు పేజీల నోట్‌బుక్. అందులో మెషిన్ లెర్నింగ్ లేదు, గ్రాఫ్ ఒకటే. ఇంటర్వ్యూ పెట్టిన ఒక ప్రోగ్రామ్‌లో ప్రొఫెసర్ పది నిమిషాలు దీని మీదే అడిగారు. "సగటు తీయకుండా స్కేల్ మాత్రం మారిస్తే ఏమవుతుంది?" అన్నారు. కోణం మారదు కాబట్టి అసలు జబ్బు పోదని చెప్పాను. సొంతంగా రాయని నోట్‌బుక్ అయితే ఆ ప్రశ్న దగ్గర దొరికిపోతాం.

దేంతో చదవాలి, ఎంతకాలం పడుతుంది?

లీనియర్ ఆల్జీబ్రాకి ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన 18.06, ప్రాబబిలిటీకి హార్వర్డ్‌లో జో బ్లిట్జ్‌స్టైన్ చెప్పిన స్టాట్ 110. రెండూ ఉచితమే. 18.06 వీడియోలు ముప్పై పైచిలుకు. ఉద్యోగం చేస్తూ వారానికి మూడు చూసి, వాటి లెక్కలు చేస్తే మూడు నెలలు. వీడియోలు చూస్తుంటే అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, అదే మోసం. ఆ కోర్సు పాత పరీక్ష పేపర్లు, జవాబులతో సహా అక్కడే ఉన్నాయి. గడియారం పెట్టుకుని ఒకటి రాయండి, మీరే దిద్దుకోండి. నాకు మొదటి పేపర్‌లో వందకు 41 వచ్చాయి. ఆ కాగితం ఎవరికీ చూపించేది కాదు, ఎక్కడ మళ్లీ కూర్చోవాలో చెప్పేది.

ప్రోగ్రామింగ్ గురించి ఎక్కువ చెప్పను. సీ చదివిన వాళ్లకు పైథాన్ ఆరు వారాల పని.

ఎస్‌వోపీలో ఈ గ్యాప్ గురించి రాయాలా?

రాయాలి, నాలుగైదు వాక్యాలకు మించకుండా, మధ్యలో ఎక్కడో. "దురదృష్టవశాత్తూ మా కాలేజీలో ఆ కోర్సు లేదు" అని మొదలుపెడితే ఏడుపులా ఉంటుంది. ఏది ఉంది, ఏది లేదు, లేనిదాన్ని ఎక్కడ చేశాను, ఎంత వచ్చింది, దాంతో ఏం రాశాను. అంతే. పట్టిక, నోట్‌బుక్ లింకు విడిగా ఉంటాయి కాబట్టి ఇక్కడ పేరు ఎత్తితే చాలు.

రెకమెండేషన్ విషయంలో ఒక పని చేయండి. మీకు మాథ్స్ చెప్పిన సార్‌ని ఒక ఉత్తరం అడగండి. ప్రాజెక్ట్ గైడ్ పెద్ద పేరున్నవారే కావచ్చు, కానీ మీ లెక్కల గురించి ఆయనకేం తెలుసు? మా మాథ్స్ మేడమ్‌కి నోట్‌బుక్ చూపించి, ఓ గంట కూర్చుని వివరించాను. ఆవిడ ఉత్తరంలో ఆ గంట గురించే రాశారు.

కన్సల్టెన్సీ వాళ్లు కోర్సుల లిస్ట్‌లో "లీనియర్ ఆల్జీబ్రా" అని రాసేయమంటున్నారు. ఎవరు చూస్తారులే అంటున్నారు.

చూస్తారు. విదేశీ మార్కులను అమెరికా లెక్కలోకి మార్చి చెప్పే డబ్ల్యూఈఎస్ సంస్థ నుంచి కోర్సులవారీ రిపోర్ట్ అడిగే యూనివర్సిటీలకు వెళ్లే కాగితంలో మీ మెమోలో ఉన్న పేర్లే ఉంటాయి. మీరు నింపిన ఫారంలో ఒకటి, రిపోర్ట్‌లో ఇంకొకటి కనబడితే అది గ్యాప్ కాదు, అబద్ధం. సీటు ఇచ్చాక తెలిసినా వెనక్కి తీసుకోవచ్చు. పేపర్ అసలు పేరు రాసి, పక్కన యూనిట్లు రాస్తే అదే పని నిజాయితీగా అయిపోతుంది కదా.

షరతుతో అడ్మిట్ వచ్చింది. మొదటి సెమిస్టర్‌లో బ్రిడ్జ్ కోర్సులు చేయమన్నారు. తీసుకోవచ్చా?

మూడు విషయాలు అడిగి తేల్చుకోండి. ఆ కోర్సులు డిగ్రీ క్రెడిట్లలోకి వస్తాయా? సాధారణంగా రావు, అంటే ఆ ఫీజు అదనం. వాటిలో కనీస గ్రేడు ఎంత? చాలాచోట్ల బి అంటారు, తప్పితే సీటుకే ఎసరు. వేసవిలో ఇంటి దగ్గరినుంచే వాటిని పూర్తి చేసే వీలుందా, లేదా పరీక్ష రాసి తప్పించుకునే వీలుందా? మూడోదానికి అవునంటే షరతు మీకు దాదాపు లేనట్టే. కాదంటే ఒక సెమిస్టర్ ఖర్చు ఎక్కువ కలిపి లోన్ లెక్క వేసుకోండి, నాన్నకు ముందే చెప్పండి.

ఇదంతా జర్మనీకి కూడా పనిచేస్తుందా?

చాలావరకు పనిచేయదు. అక్కడ మనిషి పేజీ చదివి మెచ్చుకోవడం కంటే, యూరప్‌లో వాడే ఈసీటీఎస్ క్రెడిట్లు లెక్కబెట్టడం ముందు ఉంటుంది. మాథ్స్‌లో ఇన్ని, స్టాటిస్టిక్స్‌లో ఇన్ని అని రాసి ఉంటే అన్నీ డిగ్రీలోంచే రావాలి. ఎన్‌పీటీఈఎల్ మార్కులు మీ కాలేజీ క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ చేసుకుని మెమోలో ఎక్కించి ఉంటే వేరే సంగతి. అందుకే ఇంకా మూడో ఏడాదిలో ఉన్న వాళ్లకు ఇదొక మంచి కిటుకు: మీ కాలేజీలో ఆ వీలుంటే ఓపెన్ ఎలక్టివ్ బదులు ఎన్‌పీటీఈఎల్ లీనియర్ ఆల్జీబ్రా తీసుకోండి, అప్పుడది మెమోలోనే పేరుతో సహా పడుతుంది. కొన్ని జర్మన్ యూనివర్సిటీలు కొద్దిపాటి లోటుంటే చేర్చుకుని, మొదటి ఏడాదిలో ఫలానా పేపర్లు పాస్ కావాలని షరతు పెడతాయి. దాన్ని ఆఫ్లాగెన్ అంటారు.

అక్కడికైనా యూనిట్ల పట్టిక మాత్రం అవసరమే. ప్రతి పేపర్‌లో ఏ అంశానికి ఎన్ని గంటలో రాసిన కోర్సు వివరణలు అడుగుతారు. వాటి మీద కాలేజీ స్టాంపు, సంతకం కావాల్సి వస్తే మన ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఎన్ని రోజులు తిరగాలో మీకు తెలిసిందే. నాకు పదకొండు రోజులు పట్టింది, అందులో నాలుగు రోజులు స్టాంపు ఉన్న అల్మారా తాళం దొరక్క.